యూకే వీసా రాలేదు, కట్టిన డిపాజిట్ పోయినట్టేనా?

"సర్ నమస్తే, మాది హన్మకొండ. మా బాబు బీటెక్ మెకానికల్, యూకేలో ఎంఎస్సీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సీటు వచ్చింది. డిపాజిట్ 5,000 పౌండ్లు కట్టినం. సెప్టెంబర్ 3న వీసా రిజెక్ట్ అని మెయిల్ వచ్చింది, ఖాతాలో పైసలు 28 రోజులు నిల్వ లేవట. మధ్యలో పెళ్లికి లక్షన్నర తీసి నాలుగు రోజులకే మళ్లీ వేసిన. ఖాతాలో 14 లక్షలు మా బామ్మర్దివి, రెండు రూపాయల వడ్డీ. కన్సల్టెన్సీ వాళ్లు డిపాజిట్ వెనక్కి అడగొద్దు, వెంటనే మళ్లీ అప్లై చేద్దాం అంటున్నరు. ఆ 6 లక్షలు పోయినట్టేనా? ఏం చేయమంటారు? చుట్టాలందరికీ చెప్పుకున్నం."

అన్నా, ముందు డిపాజిట్ సంగతి చెప్తాను, ఎందుకంటే మీకు నిద్ర పట్టనిది దాని గురించే. వీసా నిరాకరణ వస్తే డిపాజిట్ తిరిగి ఇస్తామని యూకే యూనివర్సిటీల్లో చాలావాటి నిబంధనల్లోనే రాసి ఉంటుంది. దొంగ కాగితాలు పెట్టినా, ఇంటర్వ్యూకు పిలిస్తే పోకపోయినా ఇవ్వరు. మీ బాబు విషయంలో అలాంటిదేమీ లేదు. కొన్ని యూనివర్సిటీలు మాత్రం "విద్యార్థి పొరపాటు వల్ల రిజెక్ట్ అయితే కొంత కోస్తాం" అని పెట్టుకుంటాయి, కాబట్టి ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చిన రీఫండ్ పాలసీని బాబుతో కూర్చొని ఒకసారి చదవండి. దాదాపు అన్నిచోట్లా రీఫండ్ ఫారం, రిజెక్షన్ లెటర్ మొత్తం పేజీలు, పాస్‌పోర్ట్ కాపీ అడుగుతారు, డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపుతారు. ఇక్కడే మనవాళ్లు ఇరుక్కుంటారు. డిపాజిట్ మీ ఖాతా నుంచి పోయిందా, కన్సల్టెన్సీ ఖాతా నుంచి పోయిందా? వాళ్ల ఖాతా అయితే రీఫండ్ కూడా అక్కడికే పోతుంది, మళ్లీ మీరు వాళ్ల చుట్టూ తిరగాలి. వీసా అప్లికేషన్‌తో కట్టిన హెల్త్ సర్‌ఛార్జ్ కూడా అంతే. ఏడాది కోర్సుకు అది 1,164 పౌండ్ల దాకా ఉంటుంది, వీసా రాకపోతే అదంతా తిరిగి వస్తుంది, కానీ ఏ కార్డుతో కట్టారో ఆ కార్డుకు. ఆ కార్డు ఎవరిదో ఈ రోజే కనుక్కోండి. వీసా ఫీజు ఒక్కటే పోయినట్టు లెక్క.

ఇక తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. ఫీజు 16,000 పౌండ్లు అనుకుందాం, 5,000 కట్టారు కాబట్టి మిగిలింది 11,000. లండన్ బయట ఖర్చులకు నెలకు 1,171 పౌండ్ల చొప్పున 9 నెలలకు 10,539 చూపించాలి. రెండూ కలిపితే 21,539. పౌండు 120 రూపాయలు అనుకుంటే సుమారు 25 లక్షల 85 వేలు. ఈ మొత్తం కంటే ఖాతా నిల్వ వరుసగా 28 రోజుల్లో ఒక్క రోజు కూడా తగ్గకూడదు, ఆ 28వ రోజు అప్లికేషన్ పెట్టే తేదీకి 31 రోజుల లోపు ఉండాలి. మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో 26 లక్షలు ఉంది, జూలై 26న లక్షన్నర తీశారు, 30న వేశారు. నాలుగు రోజులే కదా అనుకున్నారు. కానీ అక్కడితో లెక్క తెగిపోయి 30 నుంచి మళ్లీ ఒకటో రోజు మొదలైంది, ఆగస్టు 14న మీరు అప్లై చేసే నాటికి 16 రోజులే అయ్యాయి. ఆఫీసర్ తన లెక్క సరిగ్గానే చూశాడు. అందుకే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ అని 80 పౌండ్లు కట్టి 28 రోజుల లోపు నిర్ణయాన్ని మళ్లీ చూడమని అడిగే దారి ఉన్నా మీకు దాంతో పని లేదు. అది ఆఫీసర్ పొరపాటు చేసినప్పుడే పనికొస్తుంది, అందులో కొత్త కాగితాలు చూడరు.

ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్ల మాట. జూలై 30 నుంచి ఖాతా ముట్టకపోతే ఆగస్టు 26కే 28 రోజులు నిండాయి, కాబట్టి కొత్త స్టేట్‌మెంట్ తీసి వెంటనే అప్లై చేయొచ్చని వాళ్లు చెప్పడం లెక్క ప్రకారం తప్పేమీ కాదు. కానీ పాత క్యాస్, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే సీటు ధ్రువీకరణ, ఈ అప్లికేషన్‌లో వాడేశారు, అది మళ్లీ పనికిరాదు, యూనివర్సిటీ కొత్తది ఇవ్వాలి. అది అంత తేలిక కాదు. తమ విద్యార్థుల వీసా రిజెక్షన్లు ఒక హద్దు లోపు ఉంటేనే యూనివర్సిటీకి విదేశీ విద్యార్థులను తీసుకునే లైసెన్స్ నిలుస్తుంది, అప్పటిదాకా 10 శాతం ఉన్న ఆ హద్దును ఐదు శాతం పాయింట్లు బిగిస్తామని 2025 మేలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మీ బాబు ఇప్పటికే వాళ్ల లెక్కలో ఒక రిజెక్షన్. రెండోసారి కూడా అట్లే అయితే ఎట్లా అని వాళ్లు భయపడతారు, కాబట్టి కొత్త స్టేట్‌మెంట్ ముందు తామే చూసి, ఇంకోసారి మాట్లాడి అప్పుడు ఇస్తారు. సెప్టెంబర్ నెలాఖరులో క్లాసులు, చేరడానికి ఆఖరి తేదీ పాత క్యాస్‌లోనే రాసి ఉంటుంది, ఆ లోపు ఇదంతా అవుతుందా అంటే చాలా కష్టం.

సమయం ఉన్నా సరే, ఈ డబ్బుతో మళ్లీ అప్లై చేయమని నేను చెప్పను. కోపం తెచ్చుకోకండి, 14 లక్షలు బామ్మర్దివి, అదీ వీసా వచ్చేదాకా చూపించడానికి. వీసా వచ్చిన మర్నాడు అవి వెనక్కి పోతాయి. అప్పుడు మిగిలిన ఫీజు ఎవరు కడతారు? బాబు అక్కడ నవంబర్‌లో గది కిరాయి దేంతో కడతాడు? "పార్ట్‌టైమ్ చేసుకుంటాడు" అని ప్రతి తండ్రీ నాతో అనే మాటే. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు, దాంతో తిండి గడిస్తే చాలు, ఫీజు వాయిదాలు తీరవు. వాయిదా తప్పితే యూనివర్సిటీ పేరు కొట్టేసి అక్కడి హోం ఆఫీస్‌కు చెప్తుంది, వీసా రద్దు. నర్సంపేట నుంచి పోయిన ఒక అబ్బాయి అట్లా ఫిబ్రవరిలోనే వాపస్ వచ్చాడు, వాళ్ల నాన్న ఇప్పటికీ ఆ వడ్డీలే కడుతున్నాడు. 14 లక్షలకు రెండు రూపాయలంటే నెలకు 28,000, ఏడాదికి నూటికి 24. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ అందులో సుమారు సగం. ఇది మీకు తెలియని లెక్క కాదు. లోన్‌కు పోతే ఇంటి కాగితాలు పెట్టాలి, నలుగురికి తెలుస్తుందనే కదా బామ్మర్ది దగ్గరికి పోయారు?

అందుకే నా మాట ఇది. బామ్మర్ది పైసలు ఈ వారంలోనే ఇచ్చేయండి, వడ్డీ ఆపండి. మరి డిపాజిట్ వాపస్ తీసుకోవాలా, సీటును జనవరిలో మొదలయ్యే బ్యాచ్‌కు మార్చుకోవాలా అన్నది బ్యాంకు లోన్ వస్తుందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. ఇల్లు మీ పేరు మీద ఉంటే అక్టోబర్ నెలాఖరుకు మంజూరు పత్రం చేతికి రావచ్చు. లోన్ పత్రంతో పోతే 28 రోజుల గొడవే ఉండదు. అప్లికేషన్ పెట్టే నాటికి ఆ పత్రం ఆరు నెలల లోపుది కావాలి, వీసా వస్తేనే డబ్బు ఇస్తాం అన్నది తప్ప ఇంకే షరతూ అందులో ఉండకూడదు. మన బ్యాంకుల వాళ్లు అలవాటుగా ఇంకో నాలుగు షరతులు టైప్ చేస్తారు, కాబట్టి సంతకం పెట్టించే ముందు మేనేజర్‌తో ఆ ఒక్క వాక్యం మాట్లాడండి. లోన్ మొత్తం చాలకపోతే మిగతాది మీ సొంత పైసలు 28 రోజులు కదలకుండా పెట్టండి, పౌండు పెరుగుతుంది కాబట్టి లక్ష ఎక్కువే పెట్టండి.

జనవరికి మార్చుకుంటే డిపాజిట్ యూనివర్సిటీ దగ్గరే ఉంటుంది, ఎక్కువసార్లు ఆ సీటు కూడా ఉంటుంది. కానీ ఆ కోర్సు జనవరిలో ఉందో లేదో చూడాలి, స్కాలర్‌షిప్ ఏమైనా ఇచ్చి ఉంటే అది కొనసాగకపోవచ్చు, టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి మళ్లీ హైదరాబాద్ పోవాల్సి రావచ్చు. వీటన్నిటికంటే ముఖ్యం ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. జనవరికి మారాక రెండోసారి కూడా వీసా రాకపోతే అప్పుడు డిపాజిట్ ఇస్తారా? కొన్నిచోట్ల సీటు వాయిదా వేసుకున్నాక రీఫండ్ నిబంధన మారుతుంది. ఆ జవాబు మెయిల్‌లో రాతపూర్వకంగా వచ్చాకే వాయిదాకు ఒప్పుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదు.

కన్సల్టెన్సీ వాళ్లు రీఫండ్ ఎందుకు వద్దంటున్నారో కూడా తెలుసుకోండి. పిల్లవాడు చేరాకే వాళ్లకు యూనివర్సిటీ కమీషన్ ఇస్తుంది, రీఫండ్ తీసుకుంటే వాళ్లకు వచ్చేదేమీ లేదు. అందరూ చెడ్డవాళ్లని అనను. కానీ జూలైలో మీ స్టేట్‌మెంట్ ఒక్కసారి చూసి ఉంటే ఈ రిజెక్షన్ వచ్చేది కాదు, చూడడం వాళ్ల పనే.

ఈ కోర్సు గురించి కూడా నాకు అనుమానం ఉంది. మెకానికల్ చదివి, ఒక్క రోజు ఉద్యోగం చేయకుండా, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఏడాది ఎంఎస్సీ చేస్తే అక్కడ ఎవరు ఏ ప్రాజెక్ట్ చేతికిస్తారు? వరంగల్ నుంచి ఈ రెండు మూడేళ్లలో పోయిన పిల్లల్లో నేను చూసినవాళ్లు చాలామంది ఈ కోర్సే తీసుకున్నారు, ఎందుకంటే సీటు తేలికగా వస్తుంది. చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ రెండేళ్లు ఉండేది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా, దానికి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం, కొత్తగా చేరేవాళ్లకు 33,400. 30 లక్షల పైనే ఖర్చు పెట్టి ఈ 18 నెలల్లో ఆ జీతం పట్టాలి. మీ బాబుకు డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద ఇష్టం ఉంటే అదే యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ఎంఎస్సీకి మార్చమని అడగొచ్చు, జనవరికి వాయిదా వేసుకునేటప్పుడే అడగడం తేలిక. ఒకసారి వాడిని అడిగి చూడండి, వాడికి ఏం కావాలో. మీరు రాసిన దాంట్లో మీ బాబు మాట ఒక్కటీ లేదు.

రిజెక్షన్ మచ్చేమీ కాదు. పైసల లెక్క తప్పినందుకు వచ్చిన నిరాకరణ, సరిచేసి పెడితే వీసా వస్తుంది, అలా వచ్చినవాళ్లను నేను చూశాను. కాకపోతే ఇకమీదట ఏ దేశం అప్లికేషన్‌లోనైనా "ఇంతకుముందు నిరాకరణ ఉందా" అంటే ఉందనే రాయండి. దాచిపెట్టి దొరికితే యూకేకు పదేళ్లు దారి మూసుకుపోతుంది. చుట్టాల ముందు తలెత్తుకోవడం కోసం వేరే దేశానికి, వేరే పేరుతో, దాచి పంపుదాం అనే ఆలోచన ఎవరైనా ఇస్తే వాళ్లను గడప దాటి రానీయకండి. ఆలస్యం అయిందా అంటే, నాలుగు నెలలు. చుట్టాలకు జనవరి అని చెప్పండి.

ఈ రోజు చేయాల్సింది ఒక్క మెయిల్. కన్సల్టెన్సీ నుంచి కాదు, బాబు తన మెయిల్ నుంచి, స్టూడెంట్ నంబర్ రాసి, రిజెక్షన్ లెటర్ మొత్తం జత చేసి యూనివర్సిటీ అడ్మిషన్స్‌కు పంపాలి. కారణం 28 రోజుల నిల్వ అని దాచకుండా చెప్పాలి. జనవరిలో ఈ కోర్సు కానీ ఇంజినీరింగ్ కోర్సు కానీ ఉందా, వాయిదా వేసుకుని మళ్లీ వీసా రాకపోతే డిపాజిట్ ఇస్తారా, ఇప్పుడే రీఫండ్ అడగాలంటే ఆఖరి తేదీ ఎప్పుడు అని అడగాలి. ఆ ఆఖరి తేదీ బ్యాంకు లోన్ మంజూరయ్యే తేదీ కంటే ముందుందా, అయితే ఇంకేమీ చూడకుండా రీఫండ్ ఫారం పెట్టేయండి, సీటు మళ్లీ వస్తుంది. జవాబు వచ్చాక ఆ మెయిల్, రీఫండ్ పాలసీ పేజీ రెండూ నాకు పంపండి, ఈసారి బాబును పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడదాం.