ఫీడ్‌బ్యాక్ పెంచితే డిస్టార్షన్ తగ్గాలి కదా, నా యాంప్ ఎందుకు కాలిపోతోంది?

ప్రశ్న: "విజయనగరం దగ్గర పల్లె మాది. విడి ట్రాన్సిస్టర్లతో యాంప్ కట్టాను, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు 22 కె, 1 కె. బాగానే పాడేది. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఎంత ఎక్కువైతే డిస్టార్షన్, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ అంత తగ్గుతాయని చదివి 1 కె తీసి 10 కె వేశాను. రేడియో దూరకుండా స్పీకర్ టెర్మినల్స్ మీద 0.01 డిస్క్ కెపాసిటర్ కూడా పెట్టాను. ఇప్పుడు పాట పెట్టకుండానే హీట్‌సింక్ మీద చెయ్యి నిలవట్లేదు. మీటరు ఏసీలో పెడితే ఏమీ లేదు. ఏమైంది అన్నా?"

జవాబు:

తమ్ముడూ, నీ యాంప్ ఆసిలేట్ అవుతోంది. చెవికి అందని పై ఫ్రీక్వెన్సీలో, బహుశా 2 మెగాహెర్ట్జ్ దగ్గర, తనంతట తాను పాడుకుంటోంది. మామూలు డిజిటల్ మీటరు ఏసీ రేంజి కొన్ని వందల హెర్ట్జ్ దాటితే నమ్మకం లేదు, మెగాహెర్ట్జ్ అయితే దానికి కనపడనే కనపడదు. నువ్వు చదివిన మాట నిజమే గాని సగమే చదివావు. మిగతా సగం లెక్కతో చూద్దాం.

నీ బోర్డు అంకెలు నాకు తెలీవు కాబట్టి ఈ రకం సర్క్యూట్‌కి ఉండదగ్గవి తీసుకుంటాను. ముందు డిఫరెన్షియల్ జత, మధ్యలో 100 పికోఫారడ్ కెపాసిటర్ ఉన్న వోల్టేజి స్టేజి, చివర డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, అవి నడిపే ఔట్‌పుట్ జత. ఫీడ్‌బ్యాక్ ఊడదీస్తే దీని గెయిన్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 12,000, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 600 అనుకో. ఫ్రీక్వెన్సీ పెరిగిన కొద్దీ అదే నిష్పత్తిలో గెయిన్ పడిపోయేలా ఆ 100 పికోఫారడ్ చేస్తుంది. 22 కె, 1 కె ఉంటే మనకు బయట కనిపించే గెయిన్ 23. లూప్ చుట్టూ తిరిగే గెయిన్ అంటే 12,000 ని 23 తో భాగిస్తే వచ్చేది, సుమారు 522.

ఇప్పుడు స్పీకర్ తగిలించిన క్షణం చూడు. ఔట్‌పుట్ 5 వోల్టులు, లోడ్ 8 ఓములు, కరెంటు 0.625 ఆంపియర్లు. ఫీడ్‌బ్యాక్ లేని ఔట్‌పుట్ ఇంపీడెన్స్ అర ఓము అనుకుంటే 0.31 వోల్టు లోపలే పడిపోవాలి. కానీ ఔట్‌పుట్ కొంచెం దిగగానే 22 కె, 1 కె జత ఆ సంగతి ఇన్‌పుట్ జతకు చేరవేస్తుంది. ఇన్‌పుట్‌కీ వెనక్కొచ్చినదానికీ తేడా పెరుగుతుంది, ఆ తేడా 12,000 రెట్లై ఔట్‌పుట్‌ని మళ్లీ పైకి తోస్తుంది. చివరికి మిగిలే లోటు 0.31 ని 523 తో భాగిస్తే వచ్చేది, 0.6 మిల్లీవోల్టు. బయటినుంచి చూసేవాడికి అర ఓము కాస్తా 1 మిల్లీఓము అయింది. డిస్టార్షన్ తగ్గేదీ ఇదే దారిలో. క్రాసోవర్ దగ్గర ట్రాన్సిస్టర్లు చేతులు మార్చుకునేటప్పుడు వచ్చే మెట్టు కూడా ఔట్‌పుట్‌లో పడిన ఒక లోటే. అది లోడ్ వల్ల వచ్చిందా, ట్రాన్సిస్టర్ వంకర వల్ల వచ్చిందా అని ఇన్‌పుట్ జతకు పట్టదు, రెంటినీ ఒకేలా దిద్దుతుంది. అయితే క్లిప్పింగ్ దగ్గర ఔట్‌పుట్ పైకి పోవడానికి సప్లైలో వోల్టేజే ఉండదు, అక్కడ ఎంత ఫీడ్‌బ్యాక్ ఉన్నా దిద్దుబాటు లేదు.

ఒక షరతు ఉంది. 523 వంతుల తగ్గింపు 1 కిలోహెర్ట్జ్ దగ్గరే. ఆ మెట్టులో 20 కిలోహెర్ట్జ్ దగ్గరున్న ముక్కకు లూప్ గెయిన్ 600 భాగించు 23, అంటే 26, కాబట్టి తగ్గింపు 27 వంతులే. పై హార్మోనిక్స్ మొండిగా మిగిలిపోయేది ఇందుకే. నువ్వు 10 కె వేసి గెయిన్ 3.2 చేశావు కాబట్టి ఇవి 3,751, 188 అయ్యాయి. కాగితం మీద నీకు ఏడు రెట్లు లాభం.

ఇక నష్టం. వెనక్కొచ్చే సంగతి ఆలస్యం కాకుండా వస్తేనే అది దిద్దుబాటు. ఆ 100 పికోఫారడ్ ఒక్కటే ఫేజ్‌ని 90 డిగ్రీలు వెనక్కి లాగుతుంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వాటి వేగం అయిపోయే దగ్గర ఇంకొంత లాగుతాయి, డ్రైవర్లు మరికొంత. మొత్తం వెనకబాటు 180 డిగ్రీలు అయితే "తగ్గించు" అని పంపిన మాట "పెంచు" అయి చేరుతుంది. మైకుని స్పీకర్ ముందుకి తెస్తే కూత ఎందుకొస్తుందో నీకు తెలుసు. అది గదిలో గాలి ద్వారా జరిగేది, ఇది బోర్డులో రాగి మీద జరిగేది. కూత రావాలంటే చుట్టు తిరిగొచ్చిన శబ్దం మొదటిదానికంటే తక్కువ ఉండకూడదు. ఇక్కడా అంతే. లూప్ గెయిన్ 1 కి దిగే ఫ్రీక్వెన్సీ దగ్గర ఫేజ్ 180 కి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో అదే ఫేజ్ మార్జిన్. ఆ ఫ్రీక్వెన్సీ దాటాక తిరిగొచ్చే సిగ్నల్ ప్రతి చుట్టుకీ చిక్కిపోతుంది గనక ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు.

నీ యాంప్‌లో ఔట్‌పుట్ జత వేగం 2 మెగాహెర్ట్జ్ దగ్గర, డ్రైవర్లది 6 మెగాహెర్ట్జ్ దగ్గర పడిపోతాయి అనుకుందాం. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 12,000 అంటే, అదే నిష్పత్తిలో పడుతూ పోతే గెయిన్ 1 అయ్యేది 12 మెగాహెర్ట్జ్ దగ్గర. గెయిన్ 23 తో ఉన్నప్పుడు లూప్ గెయిన్ 1 కి దిగేది ఆ 12 ని 23 తో భాగించిన చోట, 520 కిలోహెర్ట్జ్. అక్కడ ఔట్‌పుట్ జత లాగేది 15 డిగ్రీలు, డ్రైవర్లు 5. మార్జిన్ 90 లోంచి 20 పోగా 70. సుఖంగా ఉంది.

గెయిన్ 3.2 చేశాక లూప్ గెయిన్ అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పెరిగింది, కాబట్టి అది 1 కి దిగే చోటు పైకి జరిగింది. 12 ని 3.2 తో భాగిస్తే 3.75 రావాలి గాని, అంత పైన ఔట్‌పుట్ జత, డ్రైవర్లు గెయిన్‌ని కూడా కొంత దించుతాయి గనక 2.3 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. రెసిస్టర్ మార్చినంత మాత్రాన ట్రాన్సిస్టర్లు వేగం పుంజుకోవు కదా, వాటి ఆలస్యం ఉన్న చోటే ఉంది. నువ్వే లూప్‌ని ఆ ఆలస్యంలోకి తోసుకెళ్లావు. అక్కడ ఔట్‌పుట్ జత 49 డిగ్రీలు, డ్రైవర్లు 21 డిగ్రీలు లాగుతాయి. మార్జిన్ 20.

ఆ 20 ని కూడా నీ డిస్క్ తినేసింది. 0.01 మైక్రోఫారడ్ 2.3 మెగాహెర్ట్జ్ దగ్గర 7 ఓములు. ఆ ఫ్రీక్వెన్సీలో ట్రాన్సిస్టర్ కరెంటు గెయిన్, అంటే బీటా, పడిపోయి ఫీడ్‌బ్యాక్ లేని ఔట్‌పుట్ ఇంపీడెన్స్ అర ఓము దగ్గర ఉండదు, 2 ఓముల దాకా ఎక్కుతుంది. 2 ఓములు, 7 ఓముల కెపాసిటర్ కలిసి ఇంకో 16 డిగ్రీలు లాగుతాయి. మిగిలింది 4. ట్రాన్సిస్టర్ కాస్త వేడెక్కినా, ఇంకో బ్యాచ్ ట్రాన్సిస్టర్ పడినా అది సున్నా.

జాతర సీజన్లో నా బల్ల మీదకి ఇలాంటి కేసులే ఎక్కువ వస్తాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు ఒక మైక్ సెట్ ఆయన తన యాంప్ తెచ్చాడు, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చిన కొద్దీ పోతున్నాయని. మూత తీస్తే మొదట కనపడింది ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి సిరీస్‌లో ఉండే 10 ఓముల రెసిస్టర్, 0.1 కెపాసిటర్. రెసిస్టర్ మీద రంగు గీతలు కూడా చదవరానంతగా మాడిపోయింది. పాట ఫ్రీక్వెన్సీలో ఆ కెపాసిటర్ దాదాపు అడ్డమే, రెసిస్టర్‌కి పని ఉండదు. మెగాహెర్ట్జ్‌లో అయితే కెపాసిటర్ ఒక ఓము కూడా ఉండదు కాబట్టి వోల్టేజంతా రెసిస్టర్ మీదే పడుతుంది. 10 వోల్టుల పీక్ ఊగినా 5 వాట్లు, పాపం దానిది 1 వాటు. అది మాడి కనపడితే ట్రాన్సిస్టర్ల జోలికి పోకముందే ఆసిలేషన్ అనుకో. ఎవరో పాత జత స్థానంలో అదే నంబరు అచ్చేసిన, లోపల నెమ్మదైన నకిలీ జత వేశారు. ఔట్‌పుట్ జత వేగం పడిపోయే ఫ్రీక్వెన్సీ, అంటే రెండో పోల్, కిందికి దిగింది, మార్జిన్ పోయింది.

స్కోప్ లేకపోతే ఇలా పట్టుకో. ఔట్‌పుట్ నుంచి 1 నానోఫారడ్ సిరీస్‌లో తీసుకో. దాని రెండో కాలికీ గ్రౌండ్‌కీ మధ్య ఒక 1N4148. ఆ జాయింట్ నుంచి 1 మెగాఓము రెసిస్టర్ ద్వారా మీటరుకి, డీసీ వోల్టుల్లో. ఇన్‌పుట్ షార్ట్ చేసి చూడు. డయోడ్ దిశని బట్టి ప్లస్సో మైనస్సో, కొన్ని వోల్టులు చూపిస్తే ఆసిలేషన్ ఉన్నట్టే. నేను ఆ మైక్ సెట్ యాంప్‌కి పెడితే 9 వోల్టులు దాటింది. స్కోప్ ఉంటే 10 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ చిన్న సైజులో ఇవ్వు. 70 డిగ్రీల మార్జిన్‌కి మూల కొంచెమే పొంగి సర్దుకుంటుంది. 20 డిగ్రీలకి సగం దాకా పొంగి చాలాసేపు గంటలా మోగుతుంది.

"మరి 100 పికోఫారడ్ పెంచి 3.2 గెయిన్ అలాగే ఉంచితే?" అని అడుగుతావు. ఉంచొచ్చు. లూప్ గెయిన్ 1 కి దిగే చోటు మళ్లీ 520 కిలోహెర్ట్జ్‌కి రావాలంటే దాన్ని 720 పికోఫారడ్ చెయ్యాలి. అప్పుడు 20 కిలోహెర్ట్జ్ దగ్గర లూప్ గెయిన్ ఎంతో లెక్కేస్తే మళ్లీ 26 వస్తుంది. పాత రెసిస్టర్లతో ఉన్నదే! పైగా ఇన్‌పుట్ జత కరెంటు 2 మిల్లీఆంపియర్లయితే స్లూ రేటు, అంటే ఔట్‌పుట్ వోల్టేజి మారగల గరిష్ఠ వేగం, మైక్రోసెకనుకి 20 వోల్టుల నుంచి 2.8 కి పడుతుంది. 30 వోల్టుల పీక్‌తో 20 కిలోహెర్ట్జ్ పాడాలంటే 3.8 కావాలి. అంటే లాభం సున్నా, నష్టం చేతిలో పడింది. యాంప్ ఐసీలు చూడు, TDA2030 డేటాషీట్ గెయిన్ 24 డెసిబెల్స్ కంటే ఎక్కువ ఉండాలంటుంది, LM3886 గెయిన్ 10 కి తగ్గొద్దంటుంది. వాళ్లు పెట్టిన ఆ గీత ఇందుకే.

ఇంపీడెన్స్ సంగతి కూడా చెప్పేస్తాను. ఫీడ్‌బ్యాక్ తీగ ఎక్కడ తగిలిందో అక్కడివరకే ఆ మిల్లీఓము. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 20 మీటర్లు లాగితే పోను రాను అర ఓము దగ్గర వస్తుంది. 1 మిల్లీఓముని ఇంకా తగ్గించుకోవడం స్పీకర్‌కి తెలీను కూడా తెలీదు. లావుపాటి వైరు కొనుక్కో, ఆ డబ్బుకి న్యాయం జరుగుతుంది.

ఇప్పుడు చెయ్యాల్సింది. 1 కె తిరిగి పెట్టు. సౌండు తక్కువ కావాలంటే ఇన్‌పుట్ దగ్గర పాట్‌తో తగ్గించు. డిస్క్ తీసెయ్. రేడియో దూరుతుంటే ఆ ఫిల్టర్ ఇన్‌పుట్ వైపు పెట్టాలి. 10 ఓములు, 0.1 ఉందో లేదో చూసి, లేకపోతే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లకి దగ్గరగా వెయ్యి. స్పీకర్ వైపు వెళ్లే దారిలో 1, 2 మైక్రోహెన్రీల కాయిల్, దానికి పారలల్‌గా 10 ఓములు పెడితే బయట ఎవరు ఏ కెపాసిటర్ తగిలించినా లూప్‌కి అంత తెలీదు. ఫీడ్‌బ్యాక్ మాత్రం కాయిల్‌కి ముందునుంచే తీసుకో. మొదటిసారి స్పీకర్ లేకుండా, కరెంటు లైనులో 60 వాట్ల సిరీస్ బల్బు పెట్టి ఆన్ చెయ్యి. ఒక్కసారి మెరిసి ఆరిపోతే సరే, ఇన్‌పుట్ షార్ట్ ఉండగా కూడా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి ఆ డయోడ్ ప్రోబు పెట్టి ఏం చూపిస్తోందో ఇక్కడ రాయి.