బాలార్డ్ లాక్స్‌లో తాడు కట్టేయకండి

సియాటెల్‌కు కొత్తగా వచ్చినవాళ్లు, ఆఫీసులో ఎవరిదో బోటు ఉందంటే వేసవిలో లేక్ యూనియన్ నుంచి సముద్రం వైపు సరదాగా బయలుదేరుతుంటారు. దారిలో బాలార్డ్ లాక్స్ దాటాలి. 1917లో అధికారికంగా ప్రారంభమయ్యాయి, టికెట్ లేదు. టెన్షన్ అక్కర్లేదు గానీ, తాడు పట్టుకునే పని మీకు అప్పగిస్తే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోండి.

ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు సంగతి తెలిసిందే. పంపు ఏమీ లేదు. రెండు గేట్ల మధ్య గదిలో బోటు ఆగుతుంది. గది అడుగున ఉన్న తూముల గుండా నీళ్లు సముద్రంలోకి వదిలితే బోటు దిగుతుంది, సరస్సు నుంచి వదిలితే లేస్తుంది. సరస్సు మట్టం ఇంచుమించు 21 అడుగులు. ఆ సమయానికి సముద్రం 3 అడుగుల దగ్గర ఉంటే మీరు 18 అడుగులు దిగాలి. పోటు, పాటును బట్టి ఈ లెక్క మారుతుంది.

ముందూ వెనకా ఒక్కొక్కటి చొప్పున 50 అడుగుల తాళ్లు ఉండాలి, ఒక కొసన ఉచ్చు ఉండాలి. పెద్ద లాకులో ఆ ఉచ్చును అటెండెంట్ గోడ మీది గుంజకు తగిలిస్తాడు. రెండో కొస మీ చేతిలో. దాన్ని బోటు అంచున తాడు చుట్టే కొక్కేనికి, అంటే క్లీట్‌కు, ఒక చుట్టు తిప్పి, నీళ్లు దిగేకొద్దీ వదులుతూ పోవాలి. ముడి వేశారా, గుంజ కదలదు, బోటు దిగుతుంది. తాడు బిగిసి బోటు ఒక పక్కకు వేలాడుతుంది. తాడు కిర్రుమన్నా, బోటు వాలినట్టనిపించినా సిగ్గుపడకుండా గట్టిగా అరవండి, తూములు మూసేస్తారు. బిగిసిన తాడును చేత్తో విప్పబోతే వేళ్లు పోతాయి. దగ్గర కత్తి ఉంచుకొమ్మనేది అందుకే. తాడును చేతికి మాత్రం చుట్టుకోవద్దు.

చిన్న లాకులో గుంజలున్న గోడ నీటితో పాటే తేలుతుంది, అక్కడ కట్టేయవచ్చు. అయినా ఆ గోడ ఎప్పుడైనా ఇరుక్కుంటుంది కాబట్టి కన్నేసి ఉంచండి.

పైకి లేచేటప్పుడు తిరకాసు ఇంకొకటి. తాడు వదులైపోతుంది, ఎప్పటికప్పుడు లాక్కోకపోతే బోటు అడ్డం తిరిగి పక్కవాళ్లకు తగులుతుంది. గోడకు రాసుకోకుండా రెండు పక్కలా ఫెండర్లు అనే మెత్తలు వేలాడదీయండి. గోడను కాలితో తోసే హీరోలు ప్రతి బోటులోనూ ఉంటారు, వాళ్లను లోపల కూర్చోబెట్టండి. పిల్లలకు లైఫ్ జాకెట్ వేసే ఎక్కించండి.

సముద్రం వైపు గేటు తెరుచుకోగానే తాడు వదిలేయకండి. గదిలో ఉన్న మంచినీళ్లు తేలిక, బయటి ఉప్పునీళ్లు బరువు. ఉప్పునీళ్లు అడుగు నుంచి లోపలికి వస్తుంటే, పై నీళ్లు బోటును బయటికి లాగుతాయి. అటెండెంట్ చెప్పాకే, మీ వంతు వచ్చాకే తాడు విప్పి మెల్లగా కదలండి.