సింధూ, ఫోన్ రిపేరుకి ఇచ్చే ముందు ఇది చదువు

సింధూ,

నీకు చెన్నైలో ఉద్యోగం వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఊరు దాటి ఉద్యోగానికి వెళ్తున్న మొదటి ఆడపిల్లవి నువ్వే. బాబాయ్ ఆ సాయంత్రం షాపులో కుర్రాళ్లందరికీ స్వీట్లు పంచాడు. కానీ అక్క ఇంకో మాట కూడా చెప్పింది. పగిలిన నీ పాత ఫోన్‌కి బీసెంట్ రోడ్డులో డిస్‌ప్లే మార్పించి, తమ్ముడికి ఇచ్చి వెళ్తావట. "అందులో నీ సొంత ఫొటోలు ఉంటాయి కదే" అని తను అడిగితే, "హిడెన్ ఫోల్డర్‌లో పెట్టానమ్మా, ఎవరికీ కనపడవు" అన్నావట. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

అవి ఏం ఫొటోలో నేను అడగను. నీ ఫొటోలు నీ ఇష్టం. ఇన్నేళ్లుగా అరండల్‌పేటలో మా ఫోన్ రిపేరు షాపు కౌంటర్ దగ్గర కూర్చునేది నేనే కాబట్టి, ఆడవాళ్లు ఇలాంటి విషయాలు బాబాయ్‌తో కాకుండా నాతోనే చెప్పుకుంటారు. వాళ్లలో ఒకావిడ సంగతి నీకు చెప్పాలి.

ఆవిడ టీచరు. ఆపరేషన్ అయ్యాక కుట్ల దగ్గర ఎర్రబడితే ఫొటోలు తీసి డాక్టరుగారికి వాట్సాప్‌లో పంపింది. తర్వాత ఆ ఫొటోలను పేరు ముందు చుక్క ఉన్న ఒక ఫోల్డర్‌లోకి మార్చింది. ఆండ్రాయిడ్‌లో అలాంటి ఫోల్డర్ గ్యాలరీలో కనపడదు. `.nomedia` అనే ఖాళీ ఫైలు ఒకటి పెట్టినా అంతే. గ్యాలరీకి అది "ఇటు చూడకు" అని చెప్పే గుర్తు, అంతకు మించి అందులో తాళమేమీ లేదు. డిస్‌ప్లే మీద గీతలు వస్తున్నాయని ఆవిడ ఫోన్ తెచ్చి, "లోపలివి మీ కుర్రాళ్లకి కనపడవు కదండీ" అని మెల్లగా అడిగింది. లాక్ తీయించి, ఆవిడ ఎదురుగానే కేబుల్ పెట్టి కంప్యూటర్‌కి కలిపాను. చుక్క ఉన్న ఫోల్డర్ మిగతా ఫోల్డర్ల మధ్య మామూలుగానే కనిపించింది. కంప్యూటర్ కూడా అక్కర్లేదు, ఫైల్ మేనేజర్ సెట్టింగ్స్‌లో Show hidden files నొక్కితే చాలు. ఆవిడ మొహం పాలిపోయింది.

అంతటితో అయిపోలేదు. వాట్సాప్‌లో మనం పంపిన ఫొటోకి ఇంకో కాపీ మన ఫోన్‌లోనే పడుతుంది. `WhatsApp Images` లోపల `Sent` అనే ఫోల్డర్ చూడు. అందులోనూ `.nomedia` ఉంటుంది కాబట్టి గ్యాలరీలో కనపడదు, అక్కడ ఒకటుందని మనకీ గుర్తుండదు. అసలు ఫొటో దాచేసినా ఆ కాపీ అలాగే ఉండిపోయింది.

మూడో చోటు గురించి ఆవిడే చెప్పింది, చెబుతూ ఏడ్చింది. ఆవిడ పాత ఫోన్ ఇంట్లో కొడుకు ఆటలకి వాడుకుంటున్నాడు. అందులో ఆవిడ జీమెయిల్ తీసేయలేదు. ఫొటోలు తీసిన రాత్రే వైఫై మీద గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిపోయాయి. మర్నాడు ఫోన్‌లో ఫైలుని ఎక్కడికి మార్చినా గూగుల్‌లో ఉన్న కాపీకి ఆ సంగతి తెలియదు. ఆ పిల్లాడు ఫొటోస్ తెరిస్తే తల్లి ఫొటోలు ముందు వరుసలో ఉన్నాయి. వాడు ఎవరికీ చెప్పకుండా వారం రోజులు ముభావంగా తిరిగాడట. బ్యాకప్ అయినవి డిలీట్ చేసినా ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి. అది కూడా ఖాళీ చేయించి పంపాను. రిపేరు సంగతి ఆ రోజు ఇద్దరం మర్చిపోయాం.

అందుకే చెబుతున్నాను. ఫొటోని కనపడకుండా చేయడం అంటే పెట్టెని మంచం కిందకి తోయడమే, వంగి చూసినవాడికి అది కనిపిస్తుంది. నీ ఫోల్డర్ ఎలాంటిదో ముందు తేల్చుకో. తెరిచేటప్పుడు పిన్ గానీ వేలిముద్ర గానీ అడగకపోతే అది ఉత్త దాపరికం. గూగుల్ ఫొటోస్‌లో ఆర్కైవ్ కూడా అంతే. అందులోనే Locked అని ఉండేది నిజంగా అడుగుతుంది, కానీ అడిగేది నీ ఫోన్ పిన్‌నే. హాస్టల్లో రూమ్మేట్‌కి పాట పెట్టుకోమని పిన్ చెప్పావనుకో, ఆ తాళం చెవి కూడా ఇచ్చేసినట్టే. ఐఫోన్ కొన్నా ఇదే మాట. 2022లో ఐఓఎస్ 16 వచ్చాక హిడెన్ ఆల్బమ్‌కి మొహం అడుగుతోంది గానీ, మొహం కుదరకపోతే పాస్‌కోడ్‌తో తెరుచుకుంటుంది. శామ్‌సంగ్‌లో సెక్యూర్ ఫోల్డర్‌కి మాత్రం ఫోన్ పిన్ కాకుండా వేరే పిన్ పెట్టుకోవచ్చు. నన్నడిగితే అది మేలు. క్యాలిక్యులేటర్‌లా కనపడే యాప్‌లని నమ్మకు. వాటిలో కొన్ని ఫైలు పేరు మార్చి ఒక మూల పడేస్తాయి, అంతే. యాప్ తీసేస్తే ఫొటోలు కూడా పోయిన వాళ్లని చూశాను.

ఇక రిపేరు. "టచ్ చెక్ చేయాలి, లాక్ చెప్పండి" అంటారు. చెప్పకు. లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ కాల్ కీప్యాడ్ నొక్కి చూస్తే టచ్ తెలుస్తుంది. కెమెరా కూడా చాలా ఫోన్లలో లాక్ తీయకుండానే తెరుచుకుంటుంది. మా షాపులో మేం అలాగే చేస్తాం, డిస్‌ప్లే మార్చడానికి పిన్‌తో పనే లేదు. పగిలినా టచ్ పనిచేస్తుంటే ఇంకా మంచిది. శామ్‌సంగ్ అయితే సెట్టింగ్స్‌లో మెయింటెనెన్స్ మోడ్ వెతుకు. ఆన్ చేస్తే ఫోన్ రీస్టార్ట్ అయ్యి, నీవేవీ లేని ఖాళీ ఫోన్‌లా తెరుచుకుంటుంది. బయటికి రావాలంటే మళ్లీ నీ లాక్ కావాలి. మెమరీ కార్డు మాత్రం తీసి పర్సులో పెట్టుకో. దాన్ని ఏ కార్డ్ రీడర్‌లో పెట్టినా చదవచ్చు.

తమ్ముడికి ఇచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యి. ఒక్కో ఫొటో డిలీట్ చేసుకుంటూ కూర్చోకు. ఆండ్రాయిడ్ 10తో, ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. రీసెట్‌తో దాన్ని విప్పే కీ పోతుంది, ఇక అది ఎవరికీ పనికిరాదు. అంతకు ముందు గూగుల్ అకౌంట్ తీసెయ్, లేకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు నీ పాస్‌వర్డే అడగొచ్చు. ఒక్క జాగ్రత్త. Locked లో ఉన్నవి విడిగా బ్యాకప్ ఆన్ చేస్తే తప్ప గూగుల్‌కి వెళ్లవు. రీసెట్ చేసినా, గూగుల్ ఫొటోస్ యాప్ డేటా క్లియర్ చేసినా శాశ్వతంగా పోతాయి. కావలసినవి ముందే బయటికి తీసుకో.

అంత చదువు చదివి "ఎవరికీ కనపడవులే" అంటావా అని కోపం వచ్చింది గానీ, అసలు భయం వేరే. ఎప్పుడైనా ఎవడైనా నీ ఫొటో పట్టుకుని బెదిరిస్తే నువ్వు మాతో చెప్పకుండా లోలోపల కుమిలిపోతావేమోనని. డబ్బు పంపకు, ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకు, స్క్రీన్‌షాట్లు తీసి ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్. cybercrime.gov.in లో కంప్లైంట్ ఇద్దాం. ఆ ఫొటో ఎందుకు తీసుకున్నావని నిన్నెవరూ అడగరు, అడిగితే నేను ఊరుకోను.

బీసెంట్ రోడ్డు దాకా ఎందుకు, ఆదివారం గుంటూరు వచ్చెయ్. డిస్‌ప్లే బాబాయ్ వేస్తాడు, మనిద్దరం కూర్చుని ఆ Sent ఫోల్డర్ చూద్దాం. ఛార్జర్ తెచ్చుకో. తమ్ముడిని తీసుకురావద్దు.

మీ పిన్ని