కోటయ్య యాడుండాది?

ప్రశ్న: మా అన్నదమ్ములం, మా మేనమామ కలిసి ఫైబరు బోటు తీసుకున్నాం. మా తాత కోటయ్య పేరు పెడదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. పడవకు ఆడపేరే పెట్టాలంటోంది. ఇంగ్లీషులో కూడా ఓడను 'షీ' అంటారు కదా అని మావాడు ఆమెకు వత్తాసు. తెలుగులో పడవ స్త్రీలింగమా? 'కోటయ్య వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా?
— ఒక పాఠకుడు, ఇసకపల్లి

సమాధానం: 'వచ్చింది' అనే అనాలి. మీ రేవులో చెవి ఒగ్గి వింటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. మన నెల్లూరు మాటలో "కోటయ్య యాడుండాడు?" అంటే మనిషిని అడిగినట్టు, "కోటయ్య యాడుండాది?" అంటే బోటును అడిగినట్టు. ఒక్క అక్షరం తేడాతో పని జరిగిపోతోంది. పేరు మగవాడిదే అయినా పేరుగలది పడవ కాబట్టి క్రియ పడవ వెంటే నడుస్తుంది.

ఇక మీవాడి 'షీ' సంగతి. ఇంగ్లీషు వాడు ఏమంటే మనమూ అదే అనాలన్న తొందర ఈ మధ్య మరీ ఎక్కువైంది. లండన్‌లో ఓడల వర్తకానికి పేరుమోసిన లాయిడ్స్ లిస్ట్ పత్రిక 2002లోనే ఆ 'షీ'ని వదిలేసి 'ఇట్' రాయడం మొదలుపెట్టింది. వాళ్లు దించుకున్న బరువును మనం ఎత్తుకోవడం ఎందుకు? తెలుగులో గంగమ్మ వచ్చింది, గంగమ్మ పేరున్న బోటూ వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ పడవకీ ఒకే క్రియ కాబట్టి పడవ ఆడదే అని భ్రమ కలుగుతుంది. బహువచనంలో ఆ భ్రమ తీరిపోతుంది. అక్కచెల్లెళ్లు వచ్చారు, బోట్లు వచ్చాయి. 'బోట్లు వచ్చారు' అన్న పల్లెకారుణ్ణి నేనింతవరకు ఎరగను.

పడవ ఆడదవుతుందేమోనని నిజంగా భయపడ్డవాడు మన సాహిత్యంలో ఒకడున్నాడు. మొల్ల రామాయణంలో గుహుడు. ఆ పద్యం ఇక్కడ రాయకుండా ఉండలేను:

సుడిగొని రాముపాదములు సోకిన ధూళి వహించి రాయి యే
ర్పడ నొక కాంత యయ్యెనట, పన్నుగ నీతని పాదరేణు వి
య్యెడ వడి నోడ సోక నిది యేమగునో యని సంశయాత్ముడై
కడిగె గుహుండు రామపదకంజయుగంబు భయంబు పెంపునన్

రాముడి కాలిదుమ్ము తగిలి రాయి ఆడదైందట, మరి నా ఓడకు తగిలితే ఇది ఏమైపోతుందో అని గుహుడి బెంగ. భక్తితో కడిగాడని పురాణం చెప్పేవాళ్లు అంటారు. మొల్ల మాత్రం 'భయంబు పెంపునన్' అని తేల్చి చెప్పింది. కుమ్మరి ఇంటి ఆడపడుచు కదా, చేతిలో ఉన్న పనిముట్టు పోతే పూట గడవదన్న సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? గోపవరం నెల్లూరిదా కడపదా అని పండితులు తగవులాడుకుంటారు. పడవవాడి గుండె తెలిసిన ఈ ఒక్క పద్యం చూసి నేనైతే ఆమెను మన వైపే ఉంచుకుంటాను.

ఆ పద్యంలో మీకు పనికొచ్చే మాటలు రెండు. మొదటిది 'ఇది'. కాంతగా మారుతుందని అనుమానం ఉన్నా, మారనంతవరకు గుహుడికి పడవ 'ఇది'యే. రెండోది 'ఓడ'. ఏరు దాటించే పడవను మొల్ల ఓడ అంది. ఇప్పుడు ఓడ అంటే కృష్ణపట్నం పోర్టులో బొగ్గు దించే పెద్ద షిప్పే గుర్తొస్తుంది. వెనుక ఆ మాటకు అంత పొగరు లేదు. తమిళులు ఇప్పటికీ చిన్న పడవను ఓడం అంటారు. చీరాల దగ్గరి వాడరేవును ఓడరేవు అని పలికేవాళ్లున్నారు. మనం ఒచ్చాడు, వచ్చాడు రెండూ అన్నట్టే ఓడ వాడ అయిందని నా నమ్మకం, కాదనేవాళ్లతో తగవుకు నాకు తీరికా ఉంది. దోనె, తెప్ప, నావ సంగతులు మరోసారి.

మీ అమ్మగారి మాట వ్యాకరణానికి అందదు గాని కొట్టిపారేయదగిందీ కాదు. మన తీరంలో సముద్రాన్నే గంగ అంటారు. పాతాళగంగ, తెలుగుగంగ అన్నప్పుడు కాశీలో పారే నది ఎవరికీ గుర్తురాదు. గంగ అంటే నీరు, నీరంటే తల్లి. ఆ తల్లి మీదికి పోయేదానికి ఆ తల్లి పేరే పెడితే మంచిదన్న తలంపుతోనే రేవు నిండా గంగమ్మలు, గంగాభవానులు. ఇందులో లౌక్యమూ ఉంది. నలుగురు డబ్బు పెట్టి కొన్న బోటుకు ఒకరి తాత పేరు పెడితే మిగతావాళ్ల మనసులో ముల్లు మిగులుతుంది. అమ్మవారి పేరైతే అందరిదీ. మీ మేనమామకు కోటయ్య తాత ఏమవుతాడో, ఆయన్ను అడిగారో లేదో మీరు రాయలేదు.

అసలు చిక్కు మరొకటుంది. 'వచ్చాడు, వచ్చింది' తేడా బోటు వచ్చినప్పుడే కనిపిస్తుంది. రానప్పుడు? "కోటయ్య రాలేదు" అంటే మనిషా, బోటా? 'రాడు, రాదు' అన్నప్పుడు తేడా ఉంటుంది గాని, 'రాలేదు' అన్నప్పుడు మన క్రియ మగా ఆడా చూడదు. గాలి లేచిన రాత్రి ఒడ్డున నిలబడ్డవాళ్లు అడిగే ప్రశ్న సరిగ్గా అదే. ఊళ్లో మరో కోటయ్య ఉంటే, ఆయన ఆ రాత్రి మరో బోటులో ఉంటే, ఫోనులో విన్న కబురు ఏ ఇంటికి చేరుతుంది? గంగమ్మ అని పెట్టినా ఈ బాధ తప్పదు. రేవులో గంగమ్మలు నలుగురుంటే వైర్‌లెస్‌లో "గంగమ్మ ఇంజను ఆగిపోయింది" అన్న కేక ఎవరిదో తేలదు. అందుకే పేరును ఒంటరిగా వదలకుండా దానికి ఇంకో ముక్క తగిలించమంటాను. పులికాటులో భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి జనాన్ని చేరవేసే పడవకైతే ఇంత ఆలోచన అక్కర్లేదు, ఒడ్డున ఎక్కేవాళ్లకు పడవవాడి ముఖం తెలిస్తే చాలు.

'కోటేశ్వరమ్మ' ఎలా ఉంటుందో చూడండి. తాత అందులో ఉన్నాడు, అమ్మగారి ఆడపేరూ దక్కింది, పక్క బోట్లతో కలిసిపోదు. రాతకు మాత్రం కాస్త పొడుగే. బోటు పక్క మీద సర్కారు నెంబరు కూడా కనబడాలి కదా. వత్తులున్న అక్షరాలకు కింద చోటు వదలకపోతే వల లాగే వైపు రాపిడికి ముందు పోయేది ఆ వత్తే. అప్పుడు 'కోటేశరమ్మ' మిగులుతుంది. పెయింటరుకు ఇంకో మాట కూడా చెప్పండి. ఎడమపక్క పేరు బోటు ముక్కు దగ్గర మొదలవుతుంది, కుడిపక్క ముక్కు దగ్గర ముగుస్తుంది. కుడిపక్క కూడా ముక్కు నుంచే మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ పోతే అక్షరాలు తారుమారవుతాయి. ముందు సుద్దతో రాయించి, ఒడ్డు నుంచి చదివి చూసి, తర్వాతే రంగు వేయించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి బోటు ఎటూ గట్టు మీదే ఉంటుంది, తొందరేమీ లేదు.

కాదు, తాత పేరు ఉన్నదున్నట్టు 'కోటయ్య' అనే పెడతామంటారా, వ్యాకరణం అడ్డు చెప్పదు. అమ్మగారిని ఒప్పించే భారం మీది. ఏ పేరైనా రిజిస్ట్రేషన్ కాగితంలో ఎలా ఉందో బోటు మీదా అలాగే ఉండాలి. 'శ్రీ' చేరుస్తారా, రెండు చోట్లా చేర్చండి. ఈమధ్య బోట్ల మీద కనబడుతున్న 'శ్రి' మాత్రం వద్దు, ఆ గుడికి దీర్ఘం ఇవ్వడానికి రంగేమీ ఎక్కువ ఖర్చు కాదు.