రెండు మాటలూ ఉన్నాయి, పక్కపక్కన లేవు

«మా కోనసీమ వార్తల సేకరణలో "కోటిపల్లి రేవు" అని వెతికితే, ఆ రెండు మాటలూ ఎక్కడో ఒకచోట ఉన్న ప్రతి పత్రమూ వస్తోంది. ఏం చేయాలి?»

మీ సూచికలో మాటకు పత్రం సంఖ్య మాత్రమే ఉన్నట్టుంది. పత్రంలో అది ఎన్నో మాటో కూడా రాసి పెట్టండి. 7వ పత్రం "కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం రేవు వరకు", 12వది "ఉదయం కోటిపల్లి రేవు దగ్గర" అనుకుందాం.

```
కోటిపల్లి → 7:[1]  12:[2]
రేవు      → 7:[4]  12:[3]
```

ముందు రెండు జాబితాల్లోనూ ఉన్న పత్రాలు తీయండి. తర్వాత రేవు స్థానంలోంచి కోటిపల్లి స్థానాన్ని తీసివేయండి. సరిగ్గా 1 వస్తేనే పదబంధం. 12లో 3−2=1, దొరికింది; 7లో 4−1=3, పోయింది. దగ్గరగా ఉంటే చాలనుకుంటే తేడా 3 వరకు ఒప్పుకోండి, 7 కూడా వస్తుంది. వరుస పట్టింపు లేకపోతే మైనస్ గుర్తు వదిలేసి తేడా మాత్రమే చూడండి. స్థానాలు ఆరోహణ క్రమంలో ఉంటాయి కాబట్టి, చిన్న స్థానమున్న జాబితాలో ముందుకు జరుగుతూ పోతే ఒక్క పరుగులో పని అయిపోతుంది.

నేను దెబ్బతిన్న చోటు వేరే ఉంది. "నుంచి" లాంటి మాటలను తీసేశాక స్థానాలు వేశాను. దాంతో "ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి" ఉన్న పత్రం "ముక్తేశ్వరం కోటిపల్లి" అన్న పదబంధానికి దొరికిపోయింది! ముందు అంకెలు వేసి, ఆ తర్వాతే మాటలు తీసేయండి. ఖాళీ అలాగే మిగలాలి. ఇలా స్థానాలు కూడా దాచితే సూచిక పరిమాణం మాత్రం బాగా పెరుగుతుంది. స్థానాలకు బదులు వాటి మధ్య తేడాలను దాచుకుంటే కొంత తగ్గుతుంది.