సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

చిట్టీ,

ఆ కంపెనీ నిన్ను తీసుకుంటోందని మీ నాన్న చెప్పగానే పొంగిపోయాను. అక్కడే మనుషుల్ని తీసేస్తున్నారన్న వార్త కంటపడ్డాక మాత్రం మనసు నిలవడం లేదు. నోటిమాటే తప్ప కాగితం ఇంకా రాలేదటగా. ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఇప్పుడున్నచోట రాజీనామా పెట్టకు. ఈ ఒక్క విషయంలో నీ మాట నేను వినను.

అడగడానికి మొహమాటపడకు, కానీ ఎలా అడుగుతావో చూసుకో. చాలామంది హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి "కంపెనీ బాగానే ఉందా?" అంటారు. దానికి "బాగానే ఉంది" తప్ప వేరే జవాబు రాదు. పైగా అడిగినవాళ్లు వెనకడుగు వేస్తున్నారన్న అనుమానం అవతల మిగులుతుంది. నువ్వు అడగాల్సింది కంపెనీ గురించి కాదు, నీ సీటు గురించి. అదీ నీకు మేనేజర్ కాబోయే మనిషిని. ఇలా రాయి: "తగ్గింపుల వార్త చూశాను. చేరాలనే ఉంది. ఒప్పుకునే ముందు ఓ పావుగంట మాట్లాడవచ్చా?"

మాట్లాడినప్పుడు, మీ టీమ్‌లో ఎవరైనా వెళ్లారా, ఈ పోస్టు కొత్తదా, వెళ్లినవాళ్ల స్థానమా అని అడుగు. అన్నిటికన్నా ముఖ్యం, దీనికి ఆమోదం తగ్గింపులకు ముందు వచ్చిందా, తర్వాతా అన్నది. ముందు వచ్చి, మళ్లీ ఎవరూ చూడకపోతే భయపడాలి. ఇంకా చేరని మనిషిని వద్దనుకోవడం వాళ్లకు అన్నిటికన్నా చవక.

"ఇద్దరు వెళ్లారు, నీ పోస్టును పోయిన వారమే మళ్లీ చూసి ఉంచారు" అంటే అది జవాబు. "కంగారు పడకు" అని, చేరే తేదీ మాత్రం రెండోసారి జరిపితే అదీ జవాబే. అయితే మేనేజర్ తడబడితే అబద్ధమనుకోకు తల్లీ, తీసివేతల సంగతి చాలాసార్లు వాళ్లకూ ఆఖరి రోజే తెలుస్తుంది. అందుకే ఆమోదం మాట హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో రాయించుకో.

పెట్టుబడి మీద నడిచే చిన్న కంపెనీ అయితే చేతిలో డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో అడుగు. 24 కోట్లుండి, రాబడి పోను నెలకు 2 కోట్లు కరుగుతుంటే 12 నెలలు. నీ నోటీసు గడువు 2 నెలలు తీసేస్తే, నువ్వు చేరేనాటికి మిగిలేది 10. మొత్తం చెప్పకపోయినా నెలల లెక్క చెప్పడానికి వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు.

లెటర్ వచ్చాక "బడ్జెట్‌కు లోబడి" లాంటి షరతుందేమో, తీసేస్తే ఎన్ని రోజుల నోటీసు, ఎంత పరిహారం అని రాశారో చూడు. రాజీనామా చేశాక ఆఫర్ వెనక్కి తీసుకుంటే ఏమిస్తారో కూడా అడుగు. రాసిచ్చేవాళ్లు తక్కువే, అయినా అడుగు.

సంతకం పెట్టకముందే అన్ని పేజీలూ నాకు పంపు, కళ్లద్దాలు పెట్టుకుని నేనూ చదువుతాను.

మీ బాబాయి