పిన్ కొట్టే ముందు ఆ పేరు చదవండి

"మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వరద బాధితుల సాయం కోసమని ఒక పోస్టర్ వచ్చింది. ట్రస్టు పేరు, పన్ను రాయితీకి చూపే 80జీ నంబరు, క్యూఆర్ కోడ్ అన్నీ ఉన్నాయి. రెండు వేలు పంపొచ్చా?"

పోస్టర్‌ను నమ్మి మాత్రం పంపకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పటి నుంచి, ఎక్కడ వరదొచ్చినా నాకు ఇదే ప్రశ్న వస్తోంది. నాకు ఎక్కువ భయం దొంగ ట్రస్టుల గురించి కాదు. అసలైన ట్రస్టు పోస్టర్ తీసుకుని, క్యూఆర్ కోడ్ ఒక్కటి మార్చి తిప్పేవాళ్ల గురించి. పేరు నిజం, 80జీ నంబరు నిజం, డబ్బు మాత్రం ఇంకొకడికి.

2020 మార్చిలో పీఎం కేర్స్ నిధి ప్రకటించగానే ఏం జరిగిందో చూడండి. అసలు యూపీఐ ఐడీ `pmcares@sbi`. మోసగాళ్లు తెరిచింది `pmcare@sbi`. @ ముందు ఒక్క s లేదు, అంతే. వెనక బ్యాంకు పేరు కనబడగానే బ్యాంకే హామీ ఇచ్చిందనుకుంటారు చాలామంది. @ ముందు ఉండే పేరును, అది ఖాళీగా ఉంటే, ఎవరైనా తీసుకోవచ్చు.

అందుకే కోడ్ స్కాన్ చేశాక, పిన్ కొట్టే ముందు తెరపై వచ్చే ఖాతాదారు పేరు చదవండి. అక్కడ ట్రస్టు పేరు కాకుండా ఎవరిదో మనిషి పేరుంటే వెనక్కి వచ్చేయండి. "అది మా కోశాధికారి ఖాతా" అన్నా సరే. ఇంత ముఖ్యమైన పేరును కొన్ని యాప్‌లు ఇన్నాళ్లూ చిన్న అక్షరాల్లో మూలన పెట్టి, ఖాతాదారు తనకు తాను పెట్టుకున్న పేరును పెద్దగా చూపించాయి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే డిజైన్.

ఇక 80జీ నంబరు. కొత్త పద్ధతిలో ఇచ్చిన నంబర్లలో మొదటి పది అక్షరాలు ఆ సంస్థ పాన్. అందులో నాలుగో అక్షరం ట్రస్టుకైతే T, వ్యక్తికైతే P. P కనిపిస్తే ఇంకేమీ చూడకుండా వదిలేయండి. T ఉన్నా అక్కడితో ఆగకుండా, ఆదాయపన్ను శాఖ సైట్‌లోని మినహాయింపు సంస్థల జాబితాలో ఆ పాన్ వెతకండి. ఖాతా వివరాలను పోస్టర్ నుంచి కాకుండా, మీరే అడ్రస్ టైప్ చేసి తెరిచిన ఆ సంస్థ సైట్ నుంచే తీసుకోండి.

80జీ ఉందంటే పన్ను రాయితీ ఉందని అర్థం. మీ డబ్బు వరద బాధితులకే చేరిందని కాదు. ఏ వీధిలో, ఎన్ని కుటుంబాలకు, ఏం కొనిచ్చారో, బిల్లులు ఉన్నాయో అడగండి. పనిచేసే సంస్థ రెండు మూడు రోజుల్లో ఏదో ఒక లెక్క చెబుతుంది. ఏడాది ముగిశాక విరాళం సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. రసీదు అడిగితే "ప్రాణాలు పోతుంటే కాగితాలా?" అని ఎదురు ప్రశ్న వేస్తే పంపకండి.

ఇప్పటికే పంపేశారా? యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే పన్నెండంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. అది చేతిలో పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అవతలి ఖాతాలోంచి డబ్బు డ్రా చేయకముందే ఫిర్యాదు చేరితేనే దాన్ని ఆపడానికి వీలుంటుంది.